వెనకబడ్డవాళ్లు చిన్నబోకుండా రోజువారీ చెక్‌ఇన్ నడపడం ఎలా?

ప్రశ్న: మేం 8 మందిమి తెలంగాణ గ్రూప్-2 కి కలిసి చదువుతున్నాం. ఇద్దరు హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని ఫుల్‌టైమ్ చదువుతున్నారు. మిగతావాళ్లం ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదువుతున్నాం. ఎవరెన్ని గంటలు చదివారో, మాక్ టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయో రోజూ రాత్రి వాట్సాప్‌లో పెట్టాలని రూల్ పెట్టుకున్నాం. నెల తిరక్కుండానే ముగ్గురు పెట్టడం మానేశారు. ఒక అక్క ఏమీ చెప్పకుండా గ్రూప్‌లోంచి వెళ్లిపోయింది. చెక్‌ఇన్ తీసేస్తే ఎవరూ చదవరేమోనని భయం. వెనకబడ్డవాళ్లు చిన్నబోకుండా దీన్ని ఎలా నడపాలి?

జవాబు:

చెక్‌ఇన్ తీసేయకండి. అందులో అడుగుతున్న రెండు అంకెలు తీసేయండి. గంటలు, మార్కులు ఈ రెండూ రోజూ పక్కపక్కన కనిపిస్తే ఎవరూ ఎవర్నీ ఏమీ అనకపోయినా అక్కడ ర్యాంకుల పట్టిక తయారైపోతుంది. చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు పట్టుకుని కూర్చున్నతను రాత్రికి "10 గంటలు" అని పెడతాడు. ఆఫీసు నుంచి ఏడింటికి ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టి పుస్తకం తీసిన ఆమె దాని కింద "గంటన్నర" అని పెట్టాలి. ఆమె గంటన్నరలో ఎంత కష్టం ఉందో ఆ అంకె చెప్పదు. ఆమెకు ఎంత ఖాళీ దొరికిందో మాత్రమే చెబుతుంది. రోజూ అదే పోలిక చూసి చూసి ఒకరోజు పెట్టడం మానేస్తుంది. నేను చూసిన చాలా గ్రూపుల్లో జనం జారిపోయింది ఇలాగే. చదువు మానేసి గ్రూప్ వదిలినవాళ్లకంటే, చదువుతూనే గ్రూప్‌కి మొహం చాటేసినవాళ్లే ఎక్కువ.

కాబట్టి ప్రతివాళ్లనూ వాళ్ల సొంత ప్లాన్‌తోనే పోల్చాలి. ప్లాన్ ముందే రాసి ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మా పద్ధతిలో పొద్దున 8 లోపు ఒక్క లైను పెడతాం, ఈరోజు ఏం చేయబోతున్నామో. రాత్రి 9 నుంచి 10:30 మధ్య మూడు లైన్లు పెడతాం. ఉదాహరణకి ఇలా:

"అయ్యింది: ప్రాథమిక హక్కులు, ఆర్టికల్ 12 నుంచి 24 వరకు. 20 బిట్లు.
ఆగింది: ఆర్టికల్ 15, 16 మధ్య తేడా గుర్తుండట్లేదు.
రేపు: ఆర్టికల్ 25 నుంచి 35."

ఇందులో గంటలు లేవు, మార్కులు లేవు. ఫుల్‌టైమ్ అతనూ ఇదే మూడు లైన్లు రాస్తాడు, గంటన్నర దొరికిన ఆమే ఇదే మూడు లైన్లు రాస్తుంది. ఆయన టాపిక్ కొంచెం పెద్దది ఉండొచ్చు. కానీ ఇద్దరి మెసేజీలూ ఒకే ఆకారంలో ఉంటాయి. మూడు లైన్లు దాటకూడదన్నది గట్టిగా పట్టుకోండి. బాగా చదివేవాళ్లు ఉత్సాహంలో పన్నెండు లైన్ల లిస్టు పెడితే, ఏ ఉద్దేశమూ లేకపోయినా, దాని కింద రాయబోయేవాళ్ల చెయ్యి ఆగిపోతుంది.

ఈ మూడింట్లో గ్రూపును నిలబెట్టేది "ఆగింది" అన్న లైనే. అది ఖాళీగా వదలకూడదు, ముఖ్యంగా ముందున్నవాళ్లు. గ్రూపులో అందరికంటే బాగా చదివే అన్న రాత్రి తొమ్మిదింటికే "ఎకానమీలో ద్రవ్య లోటు, ప్రాథమిక లోటు మళ్లీ కలిసిపోయాయి" అని రాస్తే, ఆ తర్వాత ఎవరైనా తమకు రానిది రాయగలరు. ఆయన రోజూ "ఏమీ లేదు, అంతా క్లియర్" అని రాస్తే మిగతా ఏడుగురూ రానిది దాచుకోవడం మొదలుపెడతారు. అందుకే కొత్త గ్రూపు మొదలైనప్పుడు బాగా చదివే ఇద్దరితో ముందే విడిగా మాట్లాడి, మొదటి రెండు వారాలు వాళ్ల "ఆగింది" ముందుగా వచ్చేలా చూసుకుంటాను. అది నాటకం కాకూడదు. నిజంగా వాళ్లకు రానిదే రాయాలి. వెతికితే ప్రతివాళ్లకూ రోజుకొకటి దొరుకుతుంది.

జవాబులు కూడా ఆ లైనుకే వెళ్లాలి. పెద్ద టాపిక్ పూర్తిచేసినవాళ్లకి ఆరు చప్పట్లు పడి, ఎనిమిది పేజీలు చదివినవాళ్లకి ఒక్కటీ పడకపోతే ఆ లెక్క ఎనిమిది పేజీలవాళ్లు తప్పకుండా చూస్తారు. మేం పెట్టుకున్న నియమం ఏంటంటే "అయ్యింది" కి ఎవరూ ఎమోజీ పెట్టరు, ఎంత పెద్దదైనా సరే. "ఆగింది" కి మాత్రం తెలిసినవాళ్లు ఒక్క వాక్యంలో సాయం చేస్తారు. పైన రాసిన ఆర్టికల్ 15, 16 సంగతే తీసుకోండి. "15 అంటే మతం, కులం, లింగం, పుట్టిన చోటు లాంటివాటి ఆధారంగా వివక్ష వద్దని చెప్పేది, 16 ప్రత్యేకంగా ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించి" అని ఎవరో రాస్తే చాలు. "ఇంత చిన్నది కూడా రాదా", "ఇది నిన్ననే చెప్పాం కదా" లాంటి మాటలు ఒక్కసారి పడితే ఆ మనిషి ఇక ఆ లైను రాయరు. సరదాగా అన్నా అంతే.

ప్లాన్ ఎంత పెట్టుకోవాలన్నది వెనకబడ్డవాళ్ల విషయంలో అసలు కీలకం. వాళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే పెట్టుకుంటారు, ఎందుకంటే గ్రూపులో మిగతావాళ్ల ప్లాన్ చూసి పెట్టుకుంటారు. ఒక సభ్యుడి సంగతి వివరంగా చెబుతాను. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసేవాడు. పేపర్-4, అంటే తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మొదలుపెట్టాడు. సోమవారం పొద్దున "1948 నుంచి 1970 వరకు, 40 పేజీలు, 100 బిట్లు" అని పెట్టాడు. రాత్రికి 9 పేజీలు అయ్యాయి. మంగళవారం మళ్లీ 40 పేజీలు పెట్టి 11 చదివాడు. బుధవారం మెసేజ్ లేదు, గురువారమూ లేదు. మామూలుగా అయితే గ్రూపులో అతన్ని ట్యాగ్ చేసి "ఏమైంది బ్రో" అని అడుగుతారు. అతను ఇంకో నాలుగు రోజులు కనిపించడు.

ఆ వారం సమన్వయం చూస్తున్న అక్క అతనికి గురువారం రాత్రి విడిగా ఫోన్ చేసింది. ఎందుకు పెట్టలేదని అడగలేదు. "నీకు రోజులో నిజంగా ఖాళీ ఉండేది ఎప్పుడు తమ్ముడూ?" అని మాత్రమే అడిగింది. మాటల్లో తేలింది ఏంటంటే, బస్సులో వెళ్లేటప్పుడు 35 నిమిషాలు, వచ్చేటప్పుడు 35 నిమిషాలు, రాత్రి తిన్నాక గంట. ఆ గంటలోనూ సగం నిద్రమత్తు. ఇద్దరూ కలిసి ప్లాన్ మార్చారు. బస్సులో వెళ్లేటప్పుడు ముందు రోజు చదివినదాని మీద 20 బిట్లు, వచ్చేటప్పుడు ఏమీ లేదు, అలసిపోయి ఉంటాడు కాబట్టి. రాత్రి 8 పేజీలు. ఆ తర్వాతి సోమవారం నుంచి అతని మెసేజ్ "ముల్కీ నిబంధనలు, 1952 ఆందోళన, 8 పేజీలు" అని వచ్చింది, రాత్రికి "అయ్యింది" అని వచ్చింది. రోజుకి 8 పేజీలంటే ఆరు రోజులకు 48. 40 పెట్టుకున్న వారంలో మొత్తం 20 పేజీలే చదివాడు, ఎందుకంటే రెండు రోజులు తగ్గి, నిరుత్సాహంతో మిగతా రోజులు పూర్తిగా పోయాయి. ప్లాన్‌ను ఐదో వంతు చేశాక చదివింది రెండింతలు దాటింది.

దీన్ని బట్టి సమన్వయకర్త చూడాల్సింది ఒక్కటే. ఎవరైనా వరసగా మూడు రోజులు తమ ప్లాన్‌లో సగం కూడా చేయలేకపోతే, విడిగా మాట్లాడి ప్లాన్ సగానికి తగ్గించాలి. వరసగా ఐదారు రోజులు మొత్తం పూర్తయితే కొద్దిగా, పావు వంతు దాకా పెంచొచ్చు. తగ్గించిన సంగతి గ్రూపులో ప్రకటించక్కర్లేదు. మర్నాడు పొద్దున వచ్చే లైను చిన్నదిగా ఉంటుంది, అంతే. ఇంత చిన్న ప్లాన్‌తో సిలబస్ ఎప్పటికి అవుతుందన్న సందేహం మీకు రావొచ్చు, అది న్యాయమైన సందేహమే. కొందరికి ఈ నోటిఫికేషన్‌లోపు అవ్వకపోవచ్చు కూడా. అప్పుడు ఏ పేపర్ ముందు పట్టుకోవాలి, ఏ అధ్యాయాలు వదలాలి అన్నది ఆ ఒక్కరితో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. రోజూ రాత్రి ఎనిమిది మంది ముందు తేలేది కాదు.

ఇక మార్కులు. మాక్ టెస్టులు రాయాల్సిందే, మార్కులు ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లు రాసుకోవాల్సిందే. గ్రూపులో మాత్రం స్కోరు బదులు తప్పుపోయిన మూడు బిట్లు పెట్టండి, ఒక్కోదానికి కారణంతో. మేం మూడే కారణాలు వాడతాం: తెలియదు, కలిసిపోయింది, సరిగా చదవలేదు. ఒకరు "జీవో 36, జీవో 610 కలిసిపోయాయి" అని పెడతారు. దానికి జవాబుగా 36 అనేది 1969 ఉద్యమ కాలంలోది, 610 అనేది 1985 డిసెంబరులోది అని ఇంకొకరు రాస్తారు. ఇంకొకరు "42వ సవరణ, 44వ సవరణ కలిసిపోయాయి" అంటారు. ప్రాథమిక విధులు చేర్చింది 1976లో 42, ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది 1978లో 44 అని అందరికీ ఇంకోసారి గుర్తొస్తుంది. 150 కి 120 తెచ్చుకున్నవాళ్లకీ మూడు తప్పులుంటాయి, 65 తెచ్చుకున్నవాళ్లకీ మూడు దొరుకుతాయి. చూసేవాళ్లకి ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో తెలియదు, కానీ ఎనిమిది మంది నుంచి 24 బిట్లు చేతికొస్తాయి. వాటిని ఆదివారం ఒకచోట చేర్చి మళ్లీ రాసుకుంటే, బయట కొన్న టెస్ట్ సిరీస్‌కంటే మీ గ్రూపుకి బాగా పనికొస్తాయి, ఎందుకంటే అవన్నీ మీవాళ్లకి నిజంగా రాని ప్రశ్నలు. మీలో ఎవరైనా ఏపీపీఎస్సీ పరీక్షలు కూడా రాస్తుంటే, అక్కడ తప్పుకి మార్కులో మూడో వంతు కోత ఉంటుంది కాబట్టి, నాలుగో కారణంగా "ఊహించి పెట్టాను" కూడా చేర్చుకోండి.

చెక్‌ఇన్ సులువవుతుందని చాలామంది వాట్సాప్ పోల్ పెడతారు, "ఈరోజు ప్లాన్ పూర్తయ్యిందా? అవును, కాదు" అని. మామూలుగా అందులో ఎవరు ఏది నొక్కారో నొక్కి చూస్తే పేర్లతో సహా కనిపిస్తుంది. "కాదు" కింద ఒకే ఒక్క పేరు ఉండటం అన్నిటికంటే ఇబ్బంది. పోల్ కావాలంటే టెలిగ్రామ్‌లో పేర్లు కనిపించకుండా పెట్టుకునే వీలుంది, అది వాడండి. దాన్ని కూడా వారానికోసారి "ప్లాన్ బరువుగా ఉందా, సరిపోయిందా, తక్కువైందా" లాంటి ప్రశ్నలకే ఉంచుకోండి.

మెసేజ్ పెట్టని రోజుల గురించి ముందే ఒప్పందం ఉండాలి. మా దగ్గర "ఈరోజు లేదు" అన్న రెండు మాటలు చాలు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు. కారణం చెప్పాలంటే మనిషి ఒకటి వెతుక్కోవాలి, జ్వరమనో చుట్టాలొచ్చారనో. రెండోసారి, మూడోసారి వెతుక్కోవాల్సి వచ్చేసరికి మౌనంగా ఉండటమే తేలిక అనిపిస్తుంది. "ఈరోజు లేదు" అని పెట్టినవాళ్లు ఇంకా మనతోనే ఉన్నారు, దాన్ని గైర్హాజరుగా లెక్కపెట్టకండి. అది కూడా రాకుండా రెండు రోజులు గడిస్తే సమన్వయకర్త ఒక్కరే, విడిగా, ఒక్క మెసేజ్ పెట్టాలి. నలుగురూ నాలుగు మెసేజీలు పెడితే అది ప్రేమగా అనిపించదు, విచారణలా అనిపిస్తుంది. మెసేజ్‌లో ప్రశ్న కూడా అక్కర్లేదు. "అక్కా, రేపు పొద్దున వీలైతే ఒక్క లైను పెట్టు, లేకపోతే తర్వాతెప్పుడైనా పెట్టు" అంటే సరిపోతుంది.

జరిమానా మాత్రం వద్దు. పెట్టకపోతే 20 రూపాయలు, ఆ డబ్బుతో నెలాఖరుకి బిర్యానీ అని కొన్ని గ్రూపుల్లో పెడతారు. డబ్బున్నవాళ్లు 20 రూపాయలు కట్టి నిశ్చింతగా పడుకుంటారు, ఇంటి నుంచి నెలకింత అని తెచ్చుకుని హాస్టల్లో ఉండేవాళ్లు మాత్రం లెక్కపెట్టుకుంటారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకి కొన్ని డే కేర్ సెంటర్లు జరిమానా పెట్టి చూశాయి. ఆలస్యాలు పెరిగాయి, జరిమానా ఎత్తేశాక కూడా తగ్గలేదు. 2000లో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రచురించిన అధ్యయనం అది. డబ్బు కట్టగానే తప్పు చేశామన్న భావన పోయి, కొనుక్కున్న హక్కులా మారిపోయింది. చదువు గ్రూపులోనూ జరిగేది అదే.

సమన్వయం ఒక్కరి చేతిలోనే ఎప్పుడూ ఉంచకండి, వారానికొకరు మార్చుకోండి, తడబడుతున్నవాళ్లతో సహా. రెండు వారాలు వరసగా ప్లాన్ అందుకోలేకపోయిన మనిషికి "ఈ వారం నువ్వు చూడు" అని ఇస్తే, మిగతా ఏడుగురి "ఆగింది" లైన్లన్నీ చదవాల్సి వస్తుంది. అందరూ ఎక్కడో ఒకచోట ఆగుతున్నారని కళ్లారా చూస్తారు. ఇది చేయమని బతిమాలొద్దు, వద్దంటే వదిలేయండి. పని మాత్రం చిన్నదిగానే ఉంచండి: పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడటం, అవసరమైతే ఒక ఫోన్. సభ్యులు పది దాటితే ఒకరికి ఇది సాధ్యపడదు, అప్పుడు రెండు గ్రూపులు చేసుకోవడమే మేలు. చీల్చేటప్పుడు బాగా చదివేవాళ్లంతా ఒకవైపు పోకుండా చూసుకోండి.

గ్రూపు పాడవుతోందని ముందే తెలుస్తుంది. "అయ్యింది" లైనులో టాపిక్ పేరు పోయి "పాలిటీ చదివాను" అని మాత్రమే వస్తుంటే, లేదా నిన్నటి మెసేజే కాస్త మార్చి పెడుతుంటే, ఆ మనిషి చూపించుకోవడానికి రాస్తున్నారని అర్థం. "ఆగింది" లైన్లు అందరిలోనూ తగ్గిపోతే, ఎవరో ఏదో అన్నారని అర్థం, కనుక్కోండి. పరీక్ష వాయిదా పడినప్పుడు కూడా జాగ్రత్త. 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, పలుమార్లు వాయిదాలు పడి పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. అంతకాలం రోజూ రెండుపూటలా మెసేజ్ అంటే ఎవరివల్లా కాదు. అలాంటప్పుడు వారానికి మూడు రోజులకి తగ్గించండి, కొత్త తేదీ వచ్చాక మళ్లీ రోజూ చేయండి. తగ్గించకపోతే ముందు రాలిపోయేది తడబడుతున్నవాళ్లే.

చెక్‌ఇన్‌తో కానివీ ఉన్నాయి. ఎవరైనా నిద్రపట్టడం లేదని, తిండి తినబుద్ధి కావట్లేదని, అంతా అయిపోయిందని రాస్తే దాన్ని "ఆగింది" లైనుగా తీసుకోకండి. ఆ రాత్రే ఫోన్ చేయండి, వీలైతే వెళ్లి కలవండి, ఇంట్లోవాళ్లకి తెలిసేలా చూడండి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 కి ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మీ గ్రూపు సంగతికొస్తే, ఆదివారం అందరికీ ఒక్క మెసేజ్ పెట్టండి: "సోమవారం నుంచి గంటలు, మార్కులు పెట్టక్కర్లేదు. పొద్దున ఒక లైను, రాత్రి మూడు లైన్లు. కుదరని రోజు 'ఈరోజు లేదు' అంటే చాలు." పాత మెసేజీల గురించి, మానేసిన ముగ్గురి గురించి అందులో ఏమీ రాయకండి. ఫుల్‌టైమ్ చదివే ఇద్దరితో శనివారమే మాట్లాడి, సోమవారం రాత్రి ముందుగా వాళ్ల "ఆగింది" వచ్చేలా చూడండి. వెళ్లిపోయిన అక్కకి మీలో ఆమెకు బాగా దగ్గరైనవాళ్లు ఒక్కరే ఫోన్ చేయాలి. మళ్లీ చేరమని అడిగేముందు రూల్ మారిందని చెప్పండి, గంటలు అడగడం ఆమెకి బరువైందేమో అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి. గ్రూపులోకి రావడం ఇష్టం లేదంటే, రోజూ రాత్రి ఆ మూడు లైన్లు మీ ఒక్కరికే పంపమనండి. ఇద్దరి మధ్య నడిచినా ఈ పద్ధతి పనిచేస్తుంది.